మొత్తం లాభం ఎవరి కష్టార్జితం?

2015 ఏప్రిల్ 23న అమెజాన్ ఆ ఏడాది మొదటి మూడు నెలల లెక్కలు బయటపెట్టింది. పైపైన చూస్తే సంబరపడాల్సిందేమీ లేదు. అమ్మకాలు 2,271 కోట్ల డాలర్లు, దాని మీద నిర్వహణ లాభం 25.5 కోట్ల డాలర్లు. వడ్డీలూ పన్నులూ పోగా చివరికి తేలింది 5.7 కోట్ల డాలర్ల నష్టం. అయినా మర్నాడు ఆ షేరు దాదాపు 14 శాతం ఎగిసింది. నష్టం చూపించిన కంపెనీ షేరు ఒక్కరోజులో అంత ఎందుకు పెరిగిందో తెలుసుకోవాలంటే మొత్తం అంకెలు ఎంతసేపు చూసినా లాభం లేదు. ఆ జవాబు లోపలి పేజీల్లో, సెగ్మెంట్లవారీగా వేసిన పట్టికలో ఉంది.

పెద్ద కంపెనీ ఏదీ ఒకే వ్యాపారం చేయదు. దాని కింద పది రకాల పనులుంటాయి, వాటికి డజన్ల కొద్దీ అనుబంధ సంస్థలుంటాయి. వాటి ఖాతాలన్నీ ఒకచోట చేర్చి, లోపల్లోపల ఒకరికొకరు అమ్ముకున్నవి కొట్టేసి, మిగిలినదాన్ని ఒకే లెక్కగా చూపిస్తారు. కన్సాలిడేటెడ్ లెక్క అంటే ఇదే. మర్నాడు పేపర్లో 'నికర లాభం ఇంత శాతం పెరిగింది' అని వచ్చే వార్త దీన్నుంచి తీసినదే. అందులో అబద్ధమేమీ ఉండదు. కానీ నలుగురు అన్నదమ్ముల ఉమ్మడి కుటుంబానికి ఏడాది చివర రెండు లక్షలు మిగిలాయని ఎవరైనా చెబితే, నలుగురూ తలా యాభై వేలు వెనకేశారో, ఒక్కడే ఆరు లక్షలు తెస్తే మిగతా ముగ్గురూ నాలుగు లక్షలు తగలేశారో మనకేం తెలుస్తుంది? రెండిళ్లలోనూ మిగిలింది రెండు లక్షలే. పిల్లనిచ్చేవాడికి మాత్రం ఆ రెండిళ్లూ ఒకటి కావు.

అమెజాన్ ఆరోజు చేసింది ఇంటి లెక్కను తలాఒకరికీ విడదీసి చూపడమే. అంతకుముందు ఆ కంపెనీ తన వ్యాపారాన్ని రెండు ముక్కలుగా మాత్రమే చూపేది. ఉత్తర అమెరికా ఒకటి, మిగతా దేశాలన్నీ ఒకటి. ఇతర కంపెనీలకు ఇంటర్నెట్ ద్వారా కంప్యూటర్ సర్వర్లు అద్దెకిచ్చే ఏడబ్ల్యూఎస్ వ్యాపారం ఉత్తర అమెరికా లెక్కలో 'ఇతరాలు' అనే వరుసలో కలిసిపోయి ఉండేది. అది ఎంత సంపాదిస్తోందో, అసలు సంపాదిస్తోందో లేదో బయటివాళ్లకు తెలిసేది కాదు. రేట్లు పదేపదే తగ్గిస్తూ పోతోంది కనుక అంతంతమాత్రంగా నడుస్తోందని చాలామంది అనుకున్నారు.

పట్టిక విడదీసేసరికి కథ తిరగబడింది. ఆ మూడు నెలల్లో ఉత్తర అమెరికా దుకాణం అమ్మకాలు 1,340 కోట్ల డాలర్లు, లాభం 51.7 కోట్లు. ఇతర దేశాల అమ్మకాలు 774 కోట్లు, నష్టం 7.6 కోట్లు. ఏడబ్ల్యూఎస్ అమ్మకాలు కేవలం 156 కోట్లే, లాభం మాత్రం 26.5 కోట్లు. అంటే కంపెనీ అమ్మకాల్లో ఏడు శాతం కూడా లేని వ్యాపారం వంద డాలర్లకు పదిహేడు డాలర్ల లాభం తెస్తోంది. పాత పద్ధతిలో ఈ 26.5 కోట్లు ఉత్తర అమెరికా దుకాణం ఖాతాలో కలిసిపోయి, పుస్తకాలూ బట్టలూ అమ్మే వ్యాపారమే బాగా నడుస్తోందన్న భ్రమ కలిగించేది.

ఇక్కడే ఒక చిన్న చిక్కుంది. చాలామంది పాఠకులు దీన్ని దాటేసి వెళ్లిపోతారు. పై మూడు అంకెలూ కూడితే 70.6 కోట్ల డాలర్లు వస్తుంది. కంపెనీ మొత్తం నిర్వహణ లాభం మాత్రం 25.5 కోట్లు. మధ్యలో 45 కోట్లు ఎటుపోయాయి? పట్టిక కిందనే జవాబుంది. ఉద్యోగులకు జీతంతోపాటు ఇచ్చే షేర్ల ఖర్చు 40.7 కోట్లు, ఇతర నిర్వహణ ఖర్చు 4.4 కోట్లు. ఈ రెండింటినీ ఏ సెగ్మెంటుకూ అంటగట్టకుండా పక్కన పెట్టారు. సెగ్మెంట్ల మొత్తానికీ కంపెనీ మొత్తానికీ పొత్తు కుదర్చే ఈ వరుసలు ఉండి తీరాలని నిబంధన. ఇంగ్లీషులో రికన్సిలియేషన్ అంటారు. సెగ్మెంట్ పట్టిక చేతికి వస్తే నేను పైనుంచి కాదు, కిందనుంచి, ఈ వరుసల దగ్గర మొదలుపెట్టి చదువుతాను. ఏ ఖర్చును ఎవరి నెత్తిన వేయలేదో తెలిస్తే పైనున్న లాభాలు ఎంత నమ్మదగినవో తెలుస్తుంది.

మర్నాటి ఏడాది అమెజానే దీన్ని రుజువు చేసింది. 2016 నుంచి ఆ షేర్ల ఖర్చునూ ఇతర ఖర్చునూ సెగ్మెంట్లకు పంచడం మొదలుపెట్టి, పోలిక కోసం పాత మూడు నెలల లెక్కనూ అదే పద్ధతిలో తిరగరాసింది. అప్పుడు 51.7 కోట్లుగా కనిపించిన ఉత్తర అమెరికా లాభం 25.4 కోట్లకు పడిపోయింది. ఇతర దేశాల నష్టం 7.6 కోట్ల నుంచి 19.4 కోట్లకు పెరిగింది. ఏడబ్ల్యూఎస్ లాభం 26.5 నుంచి 19.5 కోట్లకు దిగింది. మూడూ కూడితే సరిగ్గా 25.5 కోట్లు. మొత్తంలో మార్పు లేదు. జరిగిన వ్యాపారం అదే, ఆ నెలలూ అవే.

ఈ రెండో పట్టిక దగ్గర కాస్త ఆగాలి. ఖర్చు పంచాక, ప్రపంచమంతా పరుచుకున్న అమెజాన్ దుకాణాలు రెండూ కలిసి ఆ మూడు నెలల్లో 2,115 కోట్ల డాలర్ల సరుకు అమ్మి మిగిల్చింది 6 కోట్లు. వంద డాలర్ల అమ్మకం మీద ముప్పై సెంట్లు కూడా లేదు. మిగతా 19.5 కోట్లూ, అంటే లాభంలో నాలుగింట మూడు వంతులు, సర్వర్ల అద్దె తెచ్చిపెట్టింది. మనకు తెలిసిన అమెజాన్ ఇంటికి పార్శిల్ తెచ్చేది. డబ్బు సంపాదించే అమెజాన్ మనం ఎన్నడూ చూడని సర్వర్ల గోదాముల్లో ఉంది. అలాంటి గోదాములు 2022 నవంబరు నుంచి హైదరాబాద్‌లోనూ పనిచేస్తున్నాయి.

ఆ 2022 ఏడాదే ఈ తేడా మరీ బట్టబయలైంది. ఏడాది మొత్తానికి కంపెనీ అమ్మకాలు 51,400 కోట్ల డాలర్లు, నిర్వహణ లాభం దాదాపు 1,225 కోట్లు. అంతకుముందు ఏడాదితో పోలిస్తే లాభం సగమైందని అందరూ రాశారు, నిజమే. కానీ ఏం సగమైంది? ఉత్తర అమెరికా దుకాణం 285 కోట్లు నష్టపోయింది. ఇతర దేశాల్లో 775 కోట్లు పోయాయి. ఏడబ్ల్యూఎస్ ఒక్కటే 2,284 కోట్లు సంపాదించింది, అదీ అంతకుముందు ఏడాదికంటే ఎక్కువే. అమ్మకాల్లో ఏడబ్ల్యూఎస్ వాటా ఆరో వంతుకన్నా తక్కువ. మొత్తం అంకె చూసినవాడికి 'కాస్త నీరసించిన కంపెనీ' కనిపిస్తుంది. పట్టిక చూసినవాడికి నష్టాల్లో మునిగిన ఒక పెద్ద దుకాణమూ, దాని నష్టాలన్నీ భరిస్తూ ఇంకా మిగులు చూపుతున్న ఒక చిన్న వ్యాపారమూ కనిపిస్తాయి. మొదటివాడు గిరాకీ ఎప్పుడు పుంజుకుంటుందా అని చూస్తాడు. రెండోవాడు సర్వర్ల వ్యాపారంలో పోటీ ఎలా ఉందని ఆరా తీస్తాడు.

మరి 2015 దాకా ఈ లెక్క ఎందుకు చూపలేదు? దాచిపెట్టారా? నిబంధన ఏం చెబుతుందో తెలిస్తే ఈ ప్రశ్నకు జవాబు అంత తేలిక కాదని అర్థమవుతుంది.

సెగ్మెంట్లు ఎలా విడదీయాలో చెప్పే నియమాలు అమెరికాలో 1976 నుంచి ఉన్నాయి. మొదట్లో పరిశ్రమను బట్టి విడదీయమన్నారు. దాంతో పరిశ్రమ అనే మాటను వీలైనంత వెడల్పుగా సాగదీసి 'మాదంతా ఒకే పరిశ్రమ' అనే కంపెనీలు తయారయ్యాయి. 1997లో అక్కడి లెక్కల ప్రమాణాల సంస్థ దారి మార్చింది. పరిశ్రమ సంగతి వదిలేసి, కంపెనీని నడిపే పెద్ద ఏ ముక్కల లెక్కలు చూసి డబ్బు ఎక్కడ పెట్టాలో తేల్చుకుంటున్నాడో, అవే ముక్కలు వాటాదారులకూ చూపించమంది. లోపల ఎలా చూస్తున్నారో బయటా అలాగే చూపాలన్నమాట. 2009 నుంచి అంతర్జాతీయ ప్రమాణమూ ఇదే బాట పట్టింది. మన దేశంలో 2016 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలకు వర్తిస్తున్న ఇండ్ ఏఎస్ 108 దాని ప్రతిరూపమే. లిస్టయిన కంపెనీలు మూడు నెలలకోసారి ఫలితాలతోపాటు సెగ్మెంట్ పట్టిక కూడా ఇవ్వాలన్నది సెబీ నియమం.

ఈ పద్ధతిలో బలమూ బలహీనతా ఒకచోటే ఉన్నాయి. బలం ఏమిటంటే, యజమాని బల్లమీదికి వెళ్లే కాగితమే మన చేతికి వస్తుంది. మనకోసం ప్రత్యేకంగా వండిన లెక్క కాదది. బలహీనత ఏమిటంటే, 'ఆ కాగితం మా పెద్దాయన దగ్గరికి వెళ్లదు' అంటే చూపించాల్సిన పనే ఉండదు. ఇది ఊహించి చెబుతున్నది కాదు. యూట్యూబ్ లెక్క విడిగా ఎందుకు చూపడం లేదని అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్‌ను అడిగింది. మా కంపెనీలో నిర్ణయాలు తీసుకునే ప్రధానాధికారి లారీ పేజ్, ఆయన యూట్యూబ్ లాభనష్టాలు విడిగా చూడడు అన్న తరహాలో జవాబొచ్చింది. ప్రపంచంలో కోట్లమంది రోజూ చూసేదాని లెక్క దాని యజమాని చూడడంటే నమ్మబుద్ధి కాదు. కానీ నియమం అడిగేది సరిగ్గా ఆ ప్రశ్నే. యూట్యూబ్ ప్రకటనల ఆదాయం ఎంతో ఆ కంపెనీ మొదటిసారి చెప్పింది 2020లో. అదీ ఆదాయం మాత్రమే, లాభం కాదు.

పెద్దాయన చూసే ముక్కలు తేలాక వాటిలో ఏది విడిగా చూపదగ్గంత పెద్దదో చెప్పడానికి పది శాతం పరీక్ష ఉంది. ఆ ముక్క ఆదాయం గానీ, లాభం లేదా నష్టం గానీ, ఆస్తులు గానీ అన్ని ముక్కల మొత్తంలో పదో వంతు దాటితే చాలు. మూడింట్లో ఏ ఒక్కటి దాటినా విడిగా చూపాలి. పై లెక్కనే తీసుకోండి. 2015 తొలి మూడు నెలల్లో ఏడబ్ల్యూఎస్ ఆదాయం ఏడు శాతమే కనుక ఆ పరీక్షలో నెగ్గదు. లాభంలో చూస్తే, లాభం చూపిన రెండు ముక్కల మొత్తం 78.2 కోట్లు, అందులో దీనిది 26.5 కోట్లు. మూడో వంతు పైనే. విడిగా చూపిన ముక్కల బయటి అమ్మకాలన్నీ కలిపి కంపెనీ ఆదాయంలో కనీసం 75 శాతం ఉండాలన్నది మరో షరతు. అంతకు తక్కువైతే చిన్నవాటినీ బయటికి తేవాల్సిందే.

అమెజాన్ సంగతి అలా ఉంచి మన గుంటూరు, ప్రకాశం జిల్లాల వైపు రండి. మొత్తం లెక్క దాచే మరో సంగతి ఇక్కడైతే బాగా అర్థమవుతుంది.

ఒంగోలు, టంగుటూరు వేలం కేంద్రాల్లో రైతు తెచ్చిన పొగాకు బేళ్లు కొనే కంపెనీల్లో ఐటీసీ ముఖ్యమైనది. ఆ కొనుగోలు చేసేది ఐటీసీలోని వ్యవసాయ వ్యాపార విభాగం. ఆకును శుద్ధి చేసి కొంత విదేశాలకు పంపుతుంది, కొంత తన కంపెనీలోనే ఉన్న సిగరెట్ల విభాగానికి ఇస్తుంది. భద్రాచలం దగ్గర సారపాకలో గోదావరి ఒడ్డునున్న కాగితం మిల్లు మరో విభాగం. అట్టలు, ప్యాకింగు సరుకు బయటా అమ్ముతుంది, కంపెనీలోని ఇతర విభాగాలకూ ఇస్తుంది. కన్సాలిడేటెడ్ లెక్కలో ఈ ఇచ్చిపుచ్చుకోవడాలన్నీ మాయమైపోతాయి, పోవాలి కూడా. కుడిచేత్తో ఎడమచేతికి ఇచ్చుకున్నది అమ్మకం కాదు కదా.

సెగ్మెంట్ పట్టికలో మాత్రం అవి కనిపిస్తాయి. 'తక్కువ: అంతర్ సెగ్మెంట్ ఆదాయం' అనే వరుస ఉంటుంది చూడండి, అదే. ఆ వరుస పెద్దదిగా ఉందంటే విభాగాల లాభాలు మార్కెట్ తేల్చినవి కావు, కంపెనీ లోపల వేసుకున్న ధరను బట్టి తేలినవి అని గుర్తు. ఎలాగో చూద్దాం. ఈ అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవి. ఆకు కొని శుద్ధి చేసేసరికి కిలోకు రెండు వందల రూపాయలు పడిందనుకోండి. దాన్ని సిగరెట్ల విభాగానికి 220కి ఇస్తే వ్యవసాయ విభాగానికి కిలోకు ఇరవై రూపాయల లాభం. 260కి ఇస్తే అరవై. ఆ పెరిగిన నలభై రూపాయలూ సిగరెట్ల లాభంలోంచి తగ్గుతాయి. కంపెనీ మొత్తానికి పైసా తేడా రాదు. కానీ 'వ్యవసాయ వ్యాపారం మూడింతలైంది' అని శీర్షిక పెట్టుకోవచ్చు. ఏ కంపెనీ అలా చేస్తోందని నేననడం లేదు. చేస్తే మొత్తం లెక్కలో ఆచూకీ దొరకదని మాత్రం అంటున్నాను. అందుకే లోపలి ధర ఏ ప్రాతిపదికన వేశారో చెప్పాలని ఇండ్ ఏఎస్ 108 అడుగుతుంది. వార్షిక నివేదికలో ఆ ఒక్క వాక్యం కిందటేడు ఎలా ఉంది, ఈ ఏడు ఎలా ఉంది అని పక్కపక్కన పెట్టి చూడాలి. అనుమానమొస్తే ఇచ్చే విభాగం, పుచ్చుకునే విభాగం రెండింటి లాభాలూ కలిపి చూస్తే సరిపోతుంది. ఒకటి ఎంత పెరిగిందో రెండోది సరిగ్గా అంతే తగ్గుతుంటే సంగతి ధరలో ఉందన్నమాట.

ఐటీసీ పట్టికలో ఇంకో చక్కటి కథ ఉంది. సిగరెట్ల డబ్బుతో ఆ కంపెనీ ఈ శతాబ్ది మొదట్లో గోధుమపిండి, బిస్కెట్ల వంటి వ్యాపారాల్లోకి దిగింది. ఆశీర్వాద్, సన్‌ఫీస్ట్ పేర్లు అప్పటివే. 2008-09లో కంపెనీ మొత్తానికి పన్నుకు ముందు లాభం 4,800 కోట్ల రూపాయల పైన. అంతా బ్రహ్మాండంగా ఉన్నట్టే. అదే ఏడాది 'ఇతర ఎఫ్‌ఎంసీజీ' అనే వరుసలో దాదాపు 480 కోట్ల నష్టం ఉంది. ఆ తర్వాత ఏటేటా ఆ నష్టం తగ్గుతూ వచ్చి 2013-14లో ఇరవై కోట్ల పైచిలుకు లాభంగా మారింది. అదీ ఎనిమిది వేల కోట్ల పైచిలుకు అమ్మకాల మీద. అన్నేళ్లూ వంటింట్లోకి చేరిన పిండి సంచి ఖర్చులో కొంత సిగరెట్టు కాల్చేవాడు భరించాడు. మొత్తం లాభం మాత్రమే చూసినవాళ్లకు ఆ పన్నెండేళ్ల పందెం ఎక్కడా కనపడదు. పందెం నెగ్గుతున్నదీ లేనిదీ తెలిసేది నష్టం ఏటేటా తగ్గుతోందా, అమ్మకాలతోపాటు పెరుగుతోందా అన్నదాన్ని బట్టే.

ఇంతవరకూ పట్టిక చెప్పే సంగతులు. అది చెప్పకుండా వదిలేసేవీ ఉన్నాయి.

లాభం అంటే ఏమిటో ఆ నియమం చెప్పదు. పెద్దాయన ఏ కొలతతో చూస్తే అదే కొలత. హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ తన సెగ్మెంట్ల ఫలితాన్ని స్థూల లాభంగా చూపుతుంది. అంటే మందు తయారీ ఖర్చు మాత్రమే తీసేసిన లాభం. పరిశోధన ఖర్చు, అమ్మకాల సిబ్బంది ఖర్చు సెగ్మెంట్లకు పంచరు, కిందెక్కడో కంపెనీ మొత్తానికి కలిపి తీసేస్తారు. నియమం ప్రకారం అందులో తప్పేమీ లేదు. కానీ ఆ సంఖ్యను ఇంకో కంపెనీ చూపే నిర్వహణ లాభంతో పోలిస్తే మామిడిపండునూ టెంకనూ తూచినట్టే. అందువల్ల సెగ్మెంట్ పట్టికను పక్క కంపెనీతో కంటే అదే కంపెనీ పాత ఏళ్లతో పోల్చడమే మేలు.

పాత ఏళ్లతో పోల్చాలంటే ముక్కలు మారకుండా ఉండాలి కదా. అక్కడ వచ్చే చిక్కుకు రిలయన్స్ మంచి ఉదాహరణ. ఏళ్ల తరబడి ఆ కంపెనీ ముడి చమురు శుద్ధిని ఒక సెగ్మెంటుగా, పెట్రోకెమికల్స్‌ను ఇంకో సెగ్మెంటుగా చూపేది. 2020-21 మధ్యలో రెండింటినీ కలిపి 'ఆయిల్ టు కెమికల్స్' అనే ఒకే సెగ్మెంటు చేసింది. బ్యారెల్ చమురు శుద్ధి చేస్తే ఎన్ని డాలర్లు మిగిలిందో చెప్పే అంకెను ప్రకటించడమూ అప్పుడే మానేసింది. రెండు పనులూ ఒకే గొలుసుగా నడుస్తున్నాయి, మేమూ అలాగే చూస్తున్నాం అన్నది కంపెనీ వాదన. ఒక రిఫైనరీలోంచి వచ్చే నాఫ్తా పక్క యూనిట్లో ప్లాస్టిక్ అయ్యే చోట ఆ వాదనలో పస లేకపోలేదు. అయితే అంతకుముందు త్రైమాసికం దాకా శుద్ధిలో ఎంత, ప్లాస్టిక్‌లో ఎంత అని లెక్కలు కట్టుకున్నవాళ్లకు ఆ దారి మూసుకుపోయింది. ముక్కలు మారినప్పుడు పాత ఏడాది అంకెలనూ కొత్త పద్ధతిలో తిరగరాసి ఇవ్వాలని నియమం. అది ఒకటి రెండేళ్ల వెనక్కి మాత్రమే పనికొస్తుంది. కలిపేసిన రెండు రంగుల్ని మళ్లీ విడదీయడం బయటివాడి వల్ల కాదు.

కొందరు ఇంకా తేలిక దారి పట్టుకుంటారు. 'కంపెనీ ఒకే సెగ్మెంటులో పనిచేస్తోంది' అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటారు. మందుల కంపెనీల్లో ఇది బాగా కనిపిస్తుంది. ఆ వాక్యం దగ్గర ఆగిపోకూడదు. ఒకే సెగ్మెంటు ఉన్న కంపెనీ అయినా ఏ దేశంలో ఎంత అమ్మిందో, మొత్తం ఆదాయంలో పది శాతం దాటిన కొనుగోలుదారు ఎవరైనా ఉన్నారా అన్నదీ చెప్పాల్సిందే. పేరు చెప్పనక్కర్లేదు, అంకె చెప్పాలి. ఎగుమతుల మీద బతికే కంపెనీలో ఒకే కొనుగోలుదారు నుంచి పాతిక శాతం ఆదాయం వస్తోందంటే, లాభం ఎంత బాగున్నా ఆ ఒక్క ఒప్పందం తేదీ తెలుసుకోవాలనిపించదూ? అమెరికాలో 2023 చివర తెచ్చిన సవరణతో ఒకే సెగ్మెంటు కంపెనీలు కూడా తమ పెద్దాయన చూసే ముఖ్యమైన ఖర్చులు విడివిడిగా చూపాల్సి వస్తోంది. మన ప్రమాణంలో ఆ మాట ఇంకా లేదు.

చివరగా ఆస్తుల వరుసలు. లాభం వరుస చూసి పక్కన పెట్టేసేవాళ్లే ఎక్కువ, కానీ ఏ విభాగంలో ఎంత డబ్బు పాతేశారో చెప్పేవి ఈ వరుసలే. సెగ్మెంటు లాభాన్ని దాని ఆస్తుల్లోంచి అప్పులు తీసేయగా మిగిలినదానితో భాగిస్తే, పెట్టిన వందకు ఎంత వస్తోందో తెలుస్తుంది. ఐటీసీ పట్టికలో చాలా ఏళ్లు ఈ భాగహారం దగ్గర హోటళ్లు తేలిపోయేవి. స్థలం, భవనాలు, గదుల కోసం కంపెనీ పెట్టిన డబ్బులో పెద్ద ముక్క అక్కడుండేది, లాభంలో వాటి వాటా మాత్రం చిన్నది. సిగరెట్ల లాభం పక్కన ఆ చిన్నది ఎవరి కంటా పడేది కాదు. ఏటా ఈ వరుసలు చూస్తూ వచ్చిన పెట్టుబడిదారులే హోటళ్లను వేరు చేయమని అడగడం మొదలుపెట్టారు. 2023లో కంపెనీ ఆ నిర్ణయం ప్రకటించింది. 2025 జనవరి 1 నుంచి హోటళ్లు వేరే కంపెనీ అయ్యాయి, ఆ నెలలోనే షేరు మార్కెట్లోకి వచ్చింది.

ఇప్పుడు ఆ హోటళ్లకు సొంత లాభనష్టాల ఖాతా, సొంత అప్పులు, సొంత వార్షిక నివేదిక ఉన్నాయి. ఒకప్పుడు నాలుగైదు వరుసల్లో దొరికింది ఇప్పుడు వందల పేజీల్లో దొరుకుతుంది. ఐటీసీ మాత్రం అందులో 40 శాతం వాటా ఉంచుకుంది. ఆ వాటా తాలూకు లాభం ఐటీసీ కన్సాలిడేటెడ్ ఖాతాలో ఇప్పుడు కనిపించేది 'అసోసియేట్ల లాభంలో వాటా' అనే ఒకే ఒక్క వరుసలో, మిగతా వాటాలన్నిటితో కలిసిపోయి.